సెంట్లు × అంగుళాలు = గ్రాములు: చెరువు గట్టు మీద తెరిచే కార్డు

(భీమవరం ప్రాంతంలోని ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిషరీస్ విద్యార్థులు, యువ రైతులు కలిసిన ఒక సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం అండీ. ఈ హాల్లో చాలామంది ఫోన్లలో రొయ్యల సాగు గురించిన కార్డులు ఉంటాయి. ఐదారు బొమ్మలు వరుసగా జరుపుకుంటూ చూసేవి, ఇన్‌స్టాగ్రామ్‌లో కారౌసెల్ అంటారు కదా, వాటి గురించే మాట్లాడమన్నారు. అందులోనూ ఒక రకం గురించి మాత్రమే మాట్లాడతాను. చూసి వదిలేసేది కాకుండా, సేవ్ చేసుకుని, అవసరం పడ్డప్పుడు తీసి చూసుకునే లెక్కల కార్డు. పిల్లలు పరీక్షకి ముందు తీసి చూసుకునే సూత్రాల కాగితం లాంటిదే, కాకపోతే ఇది చెరువుకి.

ఇలాంటి కార్డు తయారుచేసేటప్పుడు మొదట అడగాల్సింది ఒకటుంది. సేవ్ చేసుకున్న మనిషి దీన్ని మళ్లీ ఎప్పుడు తెరుస్తాడు? సేవ్ చేసుకునేటప్పుడు అతను ఇంట్లో కూర్చుని ఉంటాడు, తీరిక ఉంటుంది, లైట్ ఉంటుంది. తెరిచేటప్పుడు మాత్రం ఉండి, కాళ్ల మండలాల్లోనో, మొగల్తూరు దగ్గరో చెరువు గట్టు మీద ఉంటాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతికి మేత అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నమైతే ఎండకి స్క్రీను సరిగ్గా కనబడదు. తెల్లవారుజాము నాలుగింటికైతే రొయ్య తేలుతోందేమోనని టెన్షన్‌లో ఉంటాడు. పైగా అతనికి కావాల్సింది సాధారణ విషయం కాదు. తన చెరువుకి, ఈ పూటకి ఎంత అన్న ఒక్క అంకె కావాలి.

మనం చేసే చాలా కార్డులు ఆ ఒక్క అంకె ఇవ్వలేవు. సూత్రం సరిగ్గానే ఉంటుంది. ఆ సూత్రంలో వేయాల్సిన అంకెలు రైతు దగ్గర ఉండవు, అదీ ఇబ్బంది. ఉదాహరణకి మందు మోతాదు లెక్క తీసుకుందాం. ఇవాళ ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ తప్పులు పడేది ఇక్కడే.

పుస్తకంలో ఉండే లెక్క ఇలా ఉంటుంది. చెరువు విస్తీర్ణం హెక్టార్లలోనో, చదరపు మీటర్లలోనో. లోతు మీటర్లలో. రెండూ గుణిస్తే ఘనపు మీటర్లు. 1 పీపీఎం అంటే ఒక ఘనపు మీటరు నీటికి ఒక గ్రాము. ఇదంతా నిజమే. విద్యార్థికి ఇది చాలు. కానీ మన డెల్టాలో చెరువుని చదరపు మీటర్లలో ఎవరు చెబుతారండీ? ఎకరాలు, సెంట్లు. లోతు అడుగులు, అంగుళాలు. అందుకని ఎకరానికి 4047 చదరపు మీటర్లు, అడుగుకి 0.3048 మీటరు అని ఒక కార్డులో మార్పిడి పట్టిక పెడతారు. రైతు ఆ కార్డు చూసి ఈ కార్డుకి రావాలి, మధ్యలో కాలిక్యులేటర్ తెరవాలి. మూడు గుణకారాలు, మూడింటిలో దశాంశాలు. గట్టు మీద నిలబడి అంత లెక్క ఎవరూ చేయరు. “ఎకరానికి నాలుగు కిలోలు వేసెయ్” అనే పాత అలవాటుకే వెళ్లిపోతారు. ఆ నాలుగు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? ఎకరం చెరువులో సరిగ్గా ఒక మీటరు లోతు నీరు ఉంటే 1 పీపీఎంకి నాలుగు కిలోలు. మన చెరువుల్లో నీరు మీటరు దగ్గర ఆగదు, నాలుగున్నర, ఐదు అడుగులు పెడుతున్నాం. అంటే ఆ లెక్క మొదట్లోనే తక్కువ పడుతోంది.

ఇప్పుడు సెంట్ల లోంచి మొదలుపెట్టి చూడండి. ఒక సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. ఒక అంగుళం అంటే 0.0254 మీటరు. రెండూ గుణిస్తే 1.028 ఘనపు మీటర్లు. అంటే ఒక సెంటు విస్తీర్ణంలో ఒక అంగుళం ఎత్తున నీరు నిలిస్తే, అది దాదాపు సరిగ్గా ఒక ఘనపు మీటరు, వెయ్యి లీటర్లు. దానికి 1 పీపీఎం మోతాదు ఒక గ్రాము. ఇక మార్పిడి అంకె ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు:

```
నీటి సెంట్లు × సగటు లోతు (అంగుళాలు) = గ్రాములు, 1 పీపీఎంకి
```

కార్డు మీద ఉండాల్సింది ఈ ఒక్క వాక్యమే. ఇందులో దాదాపు మూడు శాతం తక్కువ పడుతుంది, 1.028ని ఒకటి అనుకున్నాం కాబట్టి. దీన్ని వదిలెయ్యొచ్చా అని విద్యార్థులు అడుగుతారు. వదిలెయ్యొచ్చు. నాలుగున్నర అడుగుల నీటిలో లోతు కొలవడంలో మూడు అంగుళాలు తేడా వస్తే అదే ఐదున్నర శాతం అవుతుంది. మన కొలతలోనే అంత తేడా ఉన్నప్పుడు దశాంశాలు పెట్టినంత మాత్రాన లెక్క మరింత నిజం కాదు.

దశాంశాలు తీసేయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది పూర్తిగా కార్డుకి సంబంధించింది. వాట్సాప్‌లో బొమ్మ మామూలుగా పంపిస్తే అది కుదించి పంపుతుంది. అలా స్క్రీన్‌షాట్ తీసి మళ్లీ పంపుతూ నాలుగు గ్రూపులు తిరిగొచ్చిన బొమ్మలో ముందు చెదిరేవి చిన్న చుక్కలు. సెంటుకి అడుగు చొప్పున లెక్క రాస్తే 12.3 గ్రాములు అని వేయాలి. ఆ చుక్క పోతే 123 అవుతుంది. పది రెట్లు. మందు మోతాదు కార్డు మీద చుక్క పెట్టి, అది పోకూడదని కోరుకోవడం నాకు ఎంత మాత్రం ఇష్టం ఉండదు. అందుకని నేను చేసే ఏ మోతాదు కార్డులోనూ దశాంశం ఉండదు. నాలుగున్నర అడుగులు అని రాయాల్సి వస్తే 54 అంగుళాలు అని రాస్తాను. కిలోన్నర అయితే 1500 గ్రాములు.

ఇక ఈ లెక్కని ఒక చెరువు మీద వేసి చూద్దాం. కాగితాల మీద ఎకరం చెరువు. రైతు కూడా ఎకరం అనే చెబుతాడు. కానీ ఆ ఎకరంలో గట్లు ఉన్నాయి. గట్టు వాలు లోపలికి దిగుతుంది. నీరు నిలిచేది ఎంత? నీటి అంచు వెంబడి టేపు పట్టి పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి, గుణించి, 436తో భాగిస్తే సెంట్లు వస్తాయి. సెంటుకి 435.6 చదరపు అడుగులు కదా. మన చెరువు 210 అడుగుల పొడవు, 166 అడుగుల వెడల్పు వచ్చిందనుకోండి. 34,860ని 436తో భాగిస్తే 80 సెంట్లు. కాగితం మీది ఎకరంలో ఐదో వంతు గట్ల కిందే పోయింది.

లోతు సంగతి. రైతుని అడిగితే చెప్పేది ఐదు అడుగులు. ఆ ఐదు ఎక్కడిది? తూము దగ్గరిది. నీరు తోడేటప్పుడు అంతా అటు రావాలని చెరువుని అటు వాలుగా చేస్తాం కాబట్టి అక్కడే లోతు ఎక్కువ. తూము వైపు మూడు చోట్ల, మధ్యలో మూడు చోట్ల, ఎగువన మూడు చోట్ల కర్ర దింపి చూడాలి. తూము వైపు సగటున 60 అంగుళాలు, మధ్యలో 54, ఎగువన 48 వచ్చాయనుకుందాం. సగటు 54. కర్ర బురదలోకి దిగకుండా కింద ఒక చదునైన చెక్క కొట్టుకోండి, లేకపోతే మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది.

80 × 54 = 4320. ఈ చెరువుకి 1 పీపీఎం అంటే 4320 గ్రాములు. ఈ అంకె రైతుకి తన చెరువు నంబరు లాంటిది. నీటి మట్టం మారేదాకా మారదు. కార్డు మీద దీనికి ఒక ఖాళీ గడి పెట్టాలి. సేవ్ చేసుకున్నాక స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫోన్లో గీసే ఆప్షన్‌తో వేలితో 4320 అని రాసుకుంటాడు. అప్పటి నుంచి ఆ కార్డు అతనిది. వేరే చెరువు ఉంటే ఇంకో కాపీ.

ఇప్పుడు రొయ్య పిల్ల వదిలే ముందు నీటికి బ్లీచింగ్ వేయాలి. 60 పీపీఎం బ్లీచింగ్ పౌడర్ వేయమన్నారు. 4320 × 60 = 2,59,200 గ్రాములు. అంటే 259 కిలోలు. అదే రైతు చెప్పిన లెక్కతో, 100 సెంట్లు, 60 అంగుళాలు అనుకుని వేస్తే? 6000 × 60 = 360 కిలోలు. 25 కిలోల బస్తాల్లో చూస్తే పదిన్నర బస్తాలు సరిపోయే చోట పద్నాలుగు దాటి పడుతున్నాయి. డబ్బు పోవడం ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. క్లోరిన్ మిగిలి ఉండే రోజులు పెరుగుతాయి, హేచరీలో పిల్ల బుక్ చేసుకున్న తేదీ దగ్గర పడుతుంది, కిట్‌తో చూడకుండా పిల్ల వదిలేస్తే మొదటి రాత్రే నష్టం. అందుకే కార్డులో బ్లీచింగ్ లెక్క కిందే ‘కిట్‌లో క్లోరిన్ సున్నా చూపించాకే పిల్ల’ అన్న మాట ఉండాలి. వేరే కార్డులో పెడితే చదవరు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 60 పీపీఎం అన్నది పొడికా, క్లోరిన్‌కా? కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ 30 శాతం చుట్టూ ఉంటుంది. 60 పీపీఎం పొడి వేస్తే నీటికి అందేది 18 పీపీఎం క్లోరిన్. ‘60 పీపీఎం క్లోరిన్’ అని ఎవరైనా కార్డులో రాస్తే, చదివినవాడు పొడిని మూడు రెట్లకు పైగా వేస్తాడు. రాసినవాడి మనసులో పొడే ఉంటుంది, చేతిలో మాట తప్పు పడుతుంది. అందుకని అంకె పక్కన ఎప్పుడూ వస్తువు పేరు కూడా ఉండాలి: ‘60 పీపీఎం పొడి’, ‘60 పీపీఎం క్లోరిన్’. మన తేమ వాతావరణంలో బస్తా విప్పి షెడ్డులో ఉంచితే క్లోరిన్ తగ్గిపోతుంది, అది కార్డు లెక్కకి అందని విషయం. కార్డు మీద ‘కొత్త బస్తాకి మాత్రమే’ అని రాయడం వరకే మనం చేయగలం.

మోతాదు కార్డు ఇంతే. ద్రవ మందులకి గ్రాముల బదులు మిల్లీలీటర్లు అనుకోవచ్చు. డబ్బా మీద ‘ఎకరానికి ఇంత’ అని కంపెనీ రాసి ఉంటే మాత్రం ఈ కార్డు వాడకూడదు. ఆ ‘ఎకరం’ ఎంత లోతు నీటికి అని డబ్బా మీదే చూడాలి. చాలా వాటి మీద మీటరు లోతుకి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రెండో లెక్కకి వద్దాం, మేత. ఇక్కడ కూడా పుస్తకం గ్రాములతో మొదలవుతుంది. ఒక్కో రొయ్య సగటు బరువు ఇన్ని గ్రాములు, దాన్ని సంఖ్యతో గుణించి వెయ్యితో భాగించు అంటుంది. మన దగ్గర ఎవరూ రొయ్యని గ్రాముల్లో చెప్పరు, కౌంట్‌లో చెబుతారు. కిలోకి ఎన్ని వస్తే అంత కౌంట్. కొనేవాళ్లూ కౌంట్ మీదే రేటు కడతారు. మరి కౌంట్‌ని గ్రాముల్లోకి మార్చి, మళ్లీ కిలోల్లోకి మార్చడం ఎందుకు?

```
బతికున్న రొయ్యలు ÷ కౌంట్ = చెరువులో ఉన్న కిలోలు
```

మన 80 సెంట్ల చెరువులో 80 వేల పిల్ల వదిలాం. రెండు నెలలు దాటింది. నాలుగైదు చోట్ల విసురు వల వేసి చూస్తే 80 కౌంట్ తేలింది. బతికున్నవి 80 శాతం అనుకుంటే 64 వేలు. 64,000 ÷ 80 = 800 కిలోలు. ఈ సైజుకి మేత కంపెనీ పట్టిక మూడు శాతం అంటే, వంద కిలోలకి మూడు కిలోలు, ఎనిమిది వందలకి 24. నాలుగు పూటలు అయితే పూటకి ఆరు కిలోలు.

బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో ఉన్న అంకెలన్నీ ఒక రకం కావు, గమనించారా? 80 వేలు మనం కొన్న లెక్క. 80 కౌంట్ మనం తూచి చూసిన లెక్క. 80 శాతం బతికాయి అన్నది ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అది ఊహ. నిజంగా బతికినవి 60 శాతమే అయితే చెరువులో ఉన్నది 48 వేలు, 600 కిలోలు, కావాల్సిన మేత 18 కిలోలు. మనం రోజూ ఆరు కిలోలు అడుగున పడేస్తున్నాం. అది కుళ్లి అమోనియా అవుతుంది, తెల్లవారుజాము ఆక్సిజన్ తినేస్తుంది. మేత ఖర్చు కన్నా ఆ రెండోది ఎక్కువ ప్రమాదం.

కార్డులో ఈ తేడా కళ్లకి కనిపించాలి. నేను కొలిచిన అంకెకి నిండు గీతల గడి, ఊహించిన అంకెకి చుక్కల గీతల గడి పెడతాను. రంగుతో వేరు చేయను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదాని కన్నా ఎక్కువమందే ఉంటారు, ఎండలో అయితే ఎవరికీ తెలియదు. చుక్కల గడి పక్కనే దాన్ని సరిచేసే మార్గం ఉండాలి: చెక్ ట్రేలు. రెండు గంటల తర్వాత ట్రేలో మేత మిగిలితే, లెక్క ఏం చెప్పినా సరే, తర్వాతి పూట తగ్గించాలి. ట్రే ఖాళీగా ఉండి రొయ్య పేగు నిండుగా ఉంటే లెక్క దగ్గరగానే ఉంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య గుల్ల విడిచే రోజుల్లో మేత తగ్గుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పుడు ట్రే మిగిలిందని బతికినవి తగ్గాయని అనుకోకండి.

ఈ మేత కార్డు కిందే ఏరేటర్ల లెక్క ఒక్క గీతలో వచ్చేస్తుంది: కిలోలు ÷ 400 = హెచ్‌పీ. 800 కిలోలకి రెండు హెచ్‌పీ. హెచ్‌పీకి నాలుగైదు వందల కిలోలు అంటారు, కార్డు మీద రెండు అంకెలు పెడితే అందరూ తమకి తేలికైనదే తీసుకుంటారు, అందుకని 400 ఒక్కటే పెట్టాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎంత మోయాలో కూడా దాన్ని బట్టే చూసుకుంటారు కదా.

ఇక కార్డుల తయారీ. పరిమాణం 1080 × 1350 పిక్సెల్స్, ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు కార్డుకి అది బాగుంటుంది. ఫోన్ తెర వెడల్పు సుమారు ఏడు సెంటీమీటర్లు. అంటే 1080 పిక్సెల్స్ ఆ ఏడు సెంటీమీటర్లలో సర్దుకోవాలి, మిల్లీమీటరుకి 15 పిక్సెల్స్. కంప్యూటర్ మీద పెద్దగా కనిపించే 28 సైజు తెలుగు అక్షరం చేతిలో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని కింద ఒత్తులు ఎలా కనిపిస్తాయి? నేను వాక్యాలకి 48 పిక్సెల్స్ కన్నా తగ్గను, తేలాల్సిన అంకెకి 120 పైనే పెడతాను. తెలుగుకి వరుసల మధ్య జాగా కూడా ఎక్కువ కావాలి, అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు. లేకపోతే పై వరుస ఒత్తు కింద వరుస గుడిలో కలిసిపోతుంది. సన్నని గీతల ఫాంట్లు అందంగా ఉంటాయి, వాట్సాప్ కుదింపుకి మాత్రం నిలవవు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి నిలుస్తాయి. తెల్లటి నేల మీద నల్లటి అక్షరం. వెనకాల రొయ్య ఫొటో వద్దు.

ఎన్ని కార్డులు? ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు 20 దాకా ఇస్తోంది. చెరువు గట్టు మీద 20 జరపరు. ఈ లెక్కలకి ఐదు చాలు: పైన ఏమున్నాయో చెప్పే కార్డు, కొలిచే కార్డు, మోతాదు, మేత, ఆపైన తెల్లవారుజాము చూడాల్సిన గుర్తులు. ఎక్కువసార్లు తెరిచేది ముందుకి రావాలి. కొలిచే కార్డు నీటి మట్టం మార్చినప్పుడే చూస్తారు, మోతాదు వారానికి ఒకసారి చూస్తారేమో, మేత రోజూ చూస్తారు. అందుకని నేనైతే మేతని రెండో కార్డుగా పెడతాను. పాఠం చెప్పే వరుస వేరు, వాడే వరుస వేరు.

ఇంకొకటి చాలా ముఖ్యం. ఈ వరుస ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నంత కాలం కలిసి ఉంటుంది. ఆకివీడులో ఒకాయన అందులో మూడో బొమ్మ ఒక్కటే తీసి గ్రూపులో పెడతాడు. అప్పుడు అది ఒంటరి అవుతుంది. ‘ముందు కార్డులో చెప్పినట్టు’ అని అందులో ఉంటే ఇక పనికిరాదు. ప్రతి కార్డు మీద దానికదే పూర్తి కావాలి: ఏ పంటకి, అంటే వన్నామికా, టైగర్‌కా, ఏ కొలతల్లో, ఒక పూర్తయిన ఉదాహరణ, తయారైన నెల, సంవత్సరం. తేదీ ఎందుకంటే, పోస్ట్ చేసిన బొమ్మలో అంకె తర్వాత దిద్దే వీలు లేదు. తీసేసి కొత్తది పెట్టొచ్చు, కానీ తిరుగుతున్న పాతవి తిరుగుతూనే ఉంటాయి. రెండూ ఎదురైనప్పుడు ఏది కొత్తదో తేదీ చెబుతుంది. గ్రూపుల్లో మీరే పంపేటప్పుడు బొమ్మగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, కుదించదు.

కార్డులో పెట్టకూడనివి కూడా చెబుతాను. కౌంట్ రేట్లు పెట్టకండి, అవి మారిపోతుంటాయి, సేవ్ చేసుకున్నది తప్పు అవుతుంది. జబ్బుల మందులు అసలే పెట్టకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయోటిక్స్ నిషేధం, ఎగుమతి సరుకులో దొరికితే మొత్తం కంటైనర్ వెనక్కి రావచ్చు. అనుమతి ఉన్నవి కూడా ల్యాబ్‌లో రొయ్యని చూసి చెప్పాల్సినవి. గట్టు మీద భయంలో ఉన్న మనిషి చేతిలో ‘తెల్ల మచ్చకి ఇది వేయండి’ అన్న కార్డు ఉంటే, ల్యాబ్‌కి తీసుకురావాల్సిన గంట పోతుంది. గుణకారంతో తేలేవే సేవ్ కార్డులో ఉండాలి, చూసి తేల్చాల్సినవి ఉండకూడదు. ఇందులో నేను ఎవరితోనూ రాజీ పడను.

ప్రశ్నలు ఉన్నాయా? చెప్పండి బాబాయ్ గారూ.

(ఒక రైతు: “మాది ఐదెకరాల చెరువు. కొలిస్తే 430 సెంట్ల నీరు అన్నారు. మీ లెక్క అంత పెద్దదానికి కూడా పనికొస్తుందా అండి?”)

వస్తుందండి. 430 × 54 అయితే 23,220 గ్రాములు, 23 కిలోల పైన. పెద్ద చెరువులో తేడా లోతు దగ్గరే వస్తుంది. తొమ్మిది చోట్ల చాలదు, పడవ మీద వెళ్లి ఇరవై చోట్లయినా కర్ర దింపండి. అంత నీటిలో రెండు అంగుళాల తేడా అంటే 860 గ్రాములు, 60 పీపీఎం వేస్తే అదే యాభై కిలోల పైన అవుతుంది.

(ఒక విద్యార్థిని: “వారం మొత్తానికి మేత పట్టిక చేసి పెడితే బాగుంటుంది కదా మేడం, రోజుకి ఎన్ని కిలోలో రాసి?”)

అడుగుతారని అనుకున్నానమ్మా. మామూలు వంటల పట్టిక అయితే సోమవారం ఏం వండాలో ఆదివారం రాయొచ్చు. ఇక్కడ బుధవారం మేత మంగళవారం ట్రేని బట్టి ఉంటుంది. అంకెలు నింపిన పట్టిక ఇస్తే ట్రే చూడటం మానేస్తారు. ఖాళీ పట్టిక ఇవ్వు: ఏడు రోజులు, నాలుగు పూటలు, ప్రతి గడిలో రెండు అరలు, వేసింది ఒకటి, ట్రేలో మిగిలింది ఒకటి. పైన లెక్క చెప్పిన కిలోలు రాసుకునే చోటు. వారం చివర ఏడు రోజుల మేత కూడి చూస్తే, ఊహించిన 80 శాతం ఎటు ఉందో తెలుస్తుంది. మేత తగ్గించుకుంటూ వచ్చినా ట్రే మిగులుతూనే ఉంటే, గుల్ల విడిచే రోజులు కాకపోతే, జబ్బు గుర్తులు ఏమీ లేకపోతే, బతికినవి తక్కువ అని తీసుకుని చుక్కల గడిలో అంకె మార్చాలి.

(ఇంకొకరు: “కార్డు బాగుందో లేదో పోస్ట్ చేయకముందే ఎలా తెలుస్తుంది?”)

మీ స్నేహితులకి చూపించకండి, బాగుందంటారు. ఒక చెరువు దగ్గరికి వెళ్లి, రోజూ మేత వేసే అతని ఫోన్‌కి వాట్సాప్‌లో మామూలు బొమ్మగానే పంపండి. మీరేమీ వివరించకండి. “మీ చెరువుకి 1 పీపీఎం ఎంత?” అని అడిగి పక్కన నిలబడండి. అతను మిమ్మల్ని ఏ మాట అర్థం అడిగినా ఆ మాట కార్డులో మార్చాలి. కాలిక్యులేటర్‌లో ఒక్కటి కన్నా ఎక్కువ గుణకారాలు చేస్తే లెక్క ఇంకా విడగొట్టాలి. వచ్చిన అంకె తప్పైతే, అతను ఏ గడి దగ్గర తప్పాడో చూడండి. సాధారణంగా అది సెంట్ల దగ్గరే ఉంటుంది, గట్లతో కలిపి ఎకరం అని వేసేస్తారు. అందుకే నా కార్డులో ఆ గడి పైన ‘గట్లు తీసేసి’ అన్న రెండు మాటలు మిగతా వాక్యాల కన్నా లావుగా ఉంటాయి.